కారు ఏసీలో ముక్కవాసన: ఫోమ్ మేలా, ఆరబెట్టడం మేలా?

పర్లాకిమిడిలో వానలు పట్టాయంటే చాలు, కారున్న బంధువులందరూ నన్ను ఒకటే అడుగుతారు: "ఏసీ వేయగానే ముక్కిపోయిన వాసన వస్తోంది. ఫోమ్ కొట్టించమంటారా?"

నిరుడు నేనూ కొట్టించాను. ముందు సీటు ఎదుటి అర విప్పి, ఏసీ ఫిల్టర్ తీసి, సన్నని గొట్టంతో కూలింగ్ కాయిల్ మీదికి నురుగు ఎక్కించారు. పావుగంట ఆగి బ్లోయర్ తిప్పితే కారు కింది గొట్టం నుంచి డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. వాసన పోయింది. నెలన్నర తిరగకుండానే మళ్లీ వచ్చింది.

తప్పు ఫోమ్‌ది కాదు. ఆఫీసుకు నాకు నాలుగు కిలోమీటర్లే. ఇంజిన్ ఆపేదాకా ఏసీ నడిచేది. చల్లని కాయిల్‌ను తాకిన గాలిలోని తేమ నీరవుతుంది. చాలావరకు కిందికి కారిపోయినా, రెక్కల సందుల్లో నిలిచిన తడి రాత్రంతా చీకట్లో ఉండిపోతుంది. దానికి దుమ్ము తోడైతే బూజుకు అంతకన్నా ఏం కావాలి? ఫోమ్ నిన్నటి బూజును కడుగుతుంది, రేపటి తడిని ఆపలేదు. అందుకే నా మొగ్గు ఆరబెట్టడం వైపే.

ఇప్పుడు సగం దారిలోనే ఏసీ ఆపేస్తాను. బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, బ్లోయర్‌ను గట్టిగా ఐదు నిమిషాలు తిప్పుతాను. మొదట జిగటగా, కాస్త వాసనతో గాలి వస్తుంది. అది తడి ఆరుతున్న గుర్తు. ఆ జిగట పోయేదాకా ఆపకూడదు.

ముసురు రోజుల్లో బయటి గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఇది సరిపోదు. హీటర్ వేస్తే చాలునంటారు కానీ, చాలా కార్లలో గాలి ముందు కాయిల్‌ను దాటి, ఆ తర్వాతే హీటర్‌ను చేరుతుంది. వేడి కాయిల్‌కు తగలాలంటే లోపలి గాలే తిరిగేలా పెట్టి, అద్దాలు కొద్దిగా దించి, ఏసీ లేకుండా హీటర్ నడపాలి. రెండు మూడు నిమిషాలయ్యాక బయటి గాలికి మార్చాలి. ఉక్కగానే ఉంటుంది, ఓర్చుకోవాలి.

అయితే ఇప్పటికే బూజు పట్టిన కాయిల్ ఆరబెట్టినంత మాత్రాన శుభ్రం కాదు. ఒక్కసారి ఫోమ్ కొట్టించి, ఆ రోజు నుంచే ఆరబెట్టడం మొదలుపెట్టాలి. నాకు ఈ వానాకాలం రెండోసారి ఫోమ్ అవసరం పడలేదు. పాత ఫిల్టర్ నల్లబడితే మార్చండి. సెంటు సీసాలు వాసనను కప్పుతాయి, అంతే.

డబ్బు పెట్టేముందు ఒక్కటి చూడండి. ఉక్కగా ఉన్న రోజు పది నిమిషాలు ఏసీ నడిపినా కారు కింద నీళ్లు పడకపోతే, లేదా ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంటే, నీళ్ల గొట్టం పూడుకుపోయి ఉండొచ్చు. అది తీయించకుండా ఫోమ్ కొట్టిస్తే మందూ మురికీ లోపలే నిలుస్తాయి.