ఒక్క యాప్‌లోనే సౌండ్ రావట్లేదంటే బోర్డు రిపేరుకి డబ్బులు ఇవ్వకండి

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు ఇది ఒకసారి చదవండి. నాకు 4,000 రూపాయలు, రెండు రోజుల పని, ఒక పెళ్లి పార్టీ దగ్గర మాట పోయాయి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పెళ్లిళ్లకి వీడియో తీసి ఎడిటింగ్ చేసి ఇస్తుంటాను. ఈ సీజన్‌కి ముందు రాజమండ్రిలో ఒక షాపులో పాత ల్యాప్‌టాప్, దానితో ఒక పాత మానిటర్ కొన్నాను. నెల రోజులు బాగానే నడిచింది. తర్వాత ఒక రోజు ఎడిటింగ్ యాప్‌లో సౌండ్ ఆగిపోయింది. బొమ్మ కదులుతోంది, యాప్‌లో సౌండ్ మీటర్ పైకీ కిందకీ ఆడుతోంది, స్పీకర్లో మాత్రం చప్పుడు లేదు. అదే ల్యాప్‌టాప్‌లో యూట్యూబ్ పెడితే వీధి చివరికి వినపడుతోంది.

షాపుకి ఫోన్ చేస్తే "బోర్డు మీద సౌండ్ చిప్, అదే సౌండ్ ఐసీ, వీక్ అయ్యుంటుందండి, ముందు యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టి చూడండి" అని 1,400 కి ఒకటి పంపారు. పెట్టాను. యూట్యూబ్ ఆ కార్డులోంచి వచ్చింది, ఎడిటింగ్ యాప్ మాత్రం మళ్లీ మూగే. ఇక లాభం లేదని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

తమాషా ఏంటంటే, షాపు టేబుల్ మీద పెట్టి ఆన్ చేయగానే ఎడిటింగ్ యాప్‌లో సౌండ్ వచ్చేసింది! "చూశారా, ఒకసారి వస్తుంది ఒకసారి పోతుంది, బోర్డులో డ్రై సోల్డర్, అంటే టంకం వదులైందండి" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. బోర్డు విప్పి టంకం వేసినందుకు 2,600 తీసుకున్నారు. ఇంటికొచ్చి మానిటర్ కేబుల్ గుచ్చి యాప్ తెరిచాను. మళ్లీ మూగ.

కాకినాడలో మా బావమరిది సౌండ్ సిస్టమ్స్ పని చేస్తాడు. రాత్రి పదింటికి ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే ఒకటే అడిగాడు: "బావగారూ, యూట్యూబ్ వస్తుందా?" వస్తుందన్నాను. "అయితే ఐసీకి ఏం కాలేదండి. విండోస్ అన్ని యాప్‌ల సౌండూ కలిపి ఒకే ధారగా ఐసీకి పంపుతుంది. ఇది యూట్యూబ్‌ది, ఇది ఎడిటింగ్‌ది అని దానికి తెలీదు. పక్క చేలోకి నీళ్లు పారుతూ మన చేలోకి రాకపోతే ధవళేశ్వరం వెళ్లి గేట్లు చూస్తామా? మన తూము చూసుకుంటాం కదండీ."

ఆ తూము ఎక్కడుందో చెప్తాను. ఇది విండోస్ 11 లెక్క.

ముందు సౌండ్ రాని యాప్‌లో ఏదో ఒకటి ప్లే చేసి అలాగే వదిలేయండి. ప్లే అవ్వకపోతే దాని పేరు లిస్టులో కనపడకపోవచ్చు. ఇప్పుడు కింద కుడివైపు స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి Volume mixer తెరవండి. అక్కడ ప్రతి యాప్‌కీ విడిగా ఒక వాల్యూమ్ గీత ఉంటుంది. అది సున్నాలో ఉందా, మ్యూట్‌లో ఉందా చూడండి. పైన ఉన్న పెద్ద వాల్యూమ్ వందలో ఉన్నా, ఈ చిన్న గీత సున్నాలో ఉంటే ఆ యాప్ పలకదు. కంప్యూటర్ ఆపి ఆన్ చేసినా విండోస్ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి రీస్టార్ట్ వల్ల ఉపయోగం లేదు.

నాది గీత వందలోనే ఉంది. అప్పుడు యాప్ పేరు పక్కనున్న బాణం నొక్కి, కిందకి తెరుచుకున్న దాంట్లో Output device చూడమన్నాడు. మిగతా యాప్‌లకి Default అని ఉంది. ఎడిటింగ్ యాప్‌కి మాత్రం మానిటర్ పేరు ఉంది. నా మానిటర్‌కి స్పీకర్లే లేవు, వెనక హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉంది. కానీ హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మతో పాటు సౌండ్ కూడా వెళ్తుంది కాబట్టి విండోస్ దాన్ని కూడా స్పీకర్‌గానే లెక్కేసుకుంటుంది. మా అబ్బాయి ఎప్పుడో హెడ్‌ఫోన్ మానిటర్‌కి పెట్టుకోవడానికి అలా మార్చి మర్చిపోయాడు. నెల రోజులు బాగా నడిచింది ఎందుకు ఆగిందో, అదీ సంగతి.

షాపులో ఎందుకు పలికిందో కూడా అప్పుడే అర్థమైంది. అక్కడ నా మానిటర్ లేదు. మనం చెప్పిన పరికరం దొరక్కపోతే విండోస్ ఆ యాప్‌ని మామూలు స్పీకర్‌కి మళ్లిస్తుంది. ఇంటికొచ్చి కేబుల్ గుచ్చగానే మళ్లీ పాత దారే పట్టింది. టంకానికీ దీనికీ సంబంధమే లేదు. Default చేసి, యాప్ మూసి తెరిచాను, పలికింది.

చూసినా అనుమానంగా ఉంటే ఇంకో చిట్కా. కీబోర్డు మీద విండోస్ బటన్, R కలిపి నొక్కి ఇది టైప్ చేయండి:

```
sndvol
```

పాత కాలం మిక్సర్ తెరుచుకుంటుంది. పైన Device మెనూలో ఒక్కో పరికరాన్ని మార్చి చూడండి. మీ యాప్ ఏ పరికరం కింద కనపడి పచ్చ గీత ఆడుతుందో సౌండ్ అక్కడికే పోతోంది. ఏ పరికరం కిందా ఆడకపోతే విండోస్ దాకా సౌండ్ రావట్లేదు, అప్పుడు యాప్ లోపలి సెట్టింగ్స్ చూడాలి. ఎడిటింగ్ యాప్‌లు, మీటింగ్ యాప్‌లు చాలావాటికి లోపల కూడా వాటి సొంత స్పీకర్ ఎంపిక ఉంటుంది. విండోస్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా అక్కడ తప్పు పరికరం ఉంటే అంతే.

వారం తర్వాత ఇంకో గొడవ వచ్చింది. ఆ 1,400 కార్డు ఎలాగూ ఉంది కదా అని పాటలు నాణ్యంగా వినడానికి ఒక మ్యూజిక్ ప్లేయర్ పెట్టి, దాని సెట్టింగ్స్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఆన్ చేశాను. పాట నడుస్తున్నంతసేపూ ఎడిటింగ్ యాప్, యూట్యూబ్ రెండూ మూగపోయాయి. ప్లేయర్ మూసేస్తే వచ్చాయి. ఎక్స్‌క్లూజివ్ మోడ్ అంటే ఒక యాప్ విండోస్ మిక్సర్‌ని దాటేసి సౌండ్ పరికరాన్ని మొత్తం తన గుప్పిట్లో పెట్టుకోవడం. మిగతావాళ్లకి తూములో నీళ్లుండవు. Volume mixer లో ఆ ప్లేయర్ గీత తగ్గించినా దాని సౌండ్ తగ్గదు, ఇది గుర్తుపట్టడానికి మంచి ఆనవాలు. గీతలూ దారులూ సరిగ్గా ఉండి కూడా మీ యాప్ పలకకపోతే, వెనకాల ఇలాంటిది ఏదైనా నడుస్తోందేమో మూసి చూడండి.

దీన్ని ఆపాలంటే Settings లో System, Sound, కింద More sound settings. Playback లో మీ పరికరం మీద రెండుసార్లు నొక్కి, Advanced లో Allow applications to take exclusive control of this device ముందున్న టిక్ తీసేయండి. ఏ పరికరానికి ఆ పరికరానికే విడిగా ఉంటుంది. ల్యాప్‌టాప్ స్పీకర్‌కి తీసేస్తే యూఎస్‌బీ కార్డుకి పోదు. పాటల రికార్డింగ్ చేసేవాళ్లు మాత్రం ఊరికే తీయకండి, ఆలస్యం లేకుండా వినపడటానికి కొన్ని రికార్డింగ్ యాప్‌లు దీన్నే వాడుకుంటాయి.

నిజంగా ఐసీయో స్పీకరో పోతే ఇలా ఉండదు. ఏ యాప్‌లోనూ రాదు, లేదా అన్నింట్లోనూ గరగరమంటుంది. షాపుకి వెళ్లాల్సి వస్తే మీరు ఇంట్లో వాడే మానిటర్, కేబుల్, హెడ్‌ఫోన్ అన్నీ పట్టుకెళ్లండి, ఇంట్లో ఉన్నట్టే కలిపి వాళ్ల ముందు మూగగా చూపించండి. బోర్డు విప్పుతామంటే, ఏ భాగానికి ఏం చేస్తున్నారో బిల్లు మీద రాయమనండి. నా బిల్లు మీద "సర్వీస్" అని ఒక్క ముక్కే ఉంది. ఆ బిల్లు పట్టుకుని మళ్లీ వెళ్తే "టంకం వేశాం కదండీ, వేసింది వెనక్కి తీయలేం కదా" అన్నారు.