రిజెక్ట్ అయ్యాక ఫీడ్‌బ్యాక్ అడగడం: 14 నెలలు చేసి చూశాక

డేటా అనలిస్ట్ ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో 14 నెలలు తిరిగాను, 11 చోట్ల పోయింది. పోయిన ప్రతిచోటా ఎందుకని అడిగాను. పనికొచ్చే జవాబు నాలుగుసార్లే వచ్చింది, అయినా దీనికి ఐదుకి మూడున్నర ఇస్తాను.

మొదట్లో నేను అడిగిన తీరే బాగోలేదు. "నన్ను ఎందుకు తీసుకోలేదు?" అని మెయిల్ పెట్టేవాణ్ని. "మీకంటే తగినవాళ్లు దొరికారు" అని ఓ ముక్క వచ్చేది, ఒక్కోసారి అదీ లేదు. అలా అడిగితే గొడవకి దిగుతామేమోనని హెచ్ఆర్ వాళ్లకి అనుమానం, రాసి ఇస్తే ఇంకా భయం. ఐదోసారి నుంచి మార్చాను: మెయిల్ వచ్చిన మర్నాడే, ముందు నాతో మాట్లాడిన మనిషికే ఫోన్ చేసి, "నిర్ణయం మార్చమని కాదండీ, ఎస్‌క్యూఎల్ రౌండ్‌లో నా జవాబు తప్పా, చెప్పిన తీరు బాగోలేదా, అదొక్కటి చెప్తే చాలు" అనేవాణ్ని. కన్సల్టెన్సీ ద్వారా వెళ్తే ఇంకా తేలిక, మనం ఎక్కడో ఒకచోట చేరితేనే వాళ్లకి డబ్బు కాబట్టి వాళ్లే కనుక్కుంటారు.

అలా ఒక కన్సల్టెన్సీ ఆవిడ చెప్పింది: "క్వెరీ గబగబా రాసేశారట, డేటా ఎలా ఉంటుందో ఒక్క మాటా అడగలేదట." ఒళ్లు మండింది, కరెక్టుగానే రాశాను కదా అని. ఇంటికొచ్చి మళ్లీ చూశాను. ఒక్క ఆర్డరూ పెట్టని కస్టమర్లెవరు అన్నది ప్రశ్న, నేను రాసింది ఇది:

```
SELECT id FROM customers
WHERE id NOT IN
  (SELECT customer_id FROM orders);
```

`orders`లో ఒక్క వరుసలో `customer_id` ఖాళీగా, అంటే `NULL`గా ఉన్నా చాలు, ఇది ఒక్క కస్టమర్నీ చూపించదు, ఎందుకంటే `NULL`తో పోలిస్తే సమానమో కాదో తేలదు. ఎర్రరూ రాదు, అందరూ కొన్నారనుకుని రిపోర్ట్ పంపేస్తాం. `NOT EXISTS`తో రాస్తే ఆ బాధ లేదు, కానీ ఇంటర్వ్యూ చేసినవాళ్లు చూసింది అది కాదు, ఖాళీలు ఉంటాయా అని నేను అడుగుతానా లేదా అని.

మూడు వారాలు రోజుకో ప్రశ్న, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని, కీబోర్డ్ ముట్టుకునే ముందే పైకి అడగడం ప్రాక్టీస్ చేశాను: ఖాళీలుంటాయా, ఒకే ఆర్డర్ రెండుసార్లు పడుతుందా. మొదటి వారం వింటే సగం రోజులు మర్చిపోయాను. తర్వాతి ఇంటర్వ్యూలో "క్యాన్సిల్ అయిన ఆర్డర్లు లెక్కలోకి వస్తాయా?" అని అడిగేసరికి ఆయన పెన్ను పక్కన పెట్టి పది నిమిషాలు దాని మీదే మాట్లాడారు. ఆ రౌండ్ దాటాను, జీతం దగ్గర కుదర్లేదు.

మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానంటే, "బడ్జెట్ లేదు", "పొజిషన్ హోల్డ్‌లో ఉంది" అన్నవాటితో చేసేదేం లేదు. ఇంకోచోట "కమ్యూనికేషన్" అన్నారు. ఏ ప్రశ్న దగ్గర అని అడిగితే చెప్పలేదు, నేనేమో 4,000 పెట్టి స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరాను. చివరికి ఆఫర్ వచ్చిన ఇంటర్వ్యూ సగం తెలుగులోనే జరిగింది.