జాగ్రత్త: "జీవితాంతం నెలకి ₹17,000" అనే పెన్షన్ ప్లాన్ కొనేముందు ఈ లెక్క వేసుకోండి

ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల్లో ప్రైవేటు సంస్థల్లో పనిచేసి, పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు చేతికి వచ్చినవాళ్ల కోసం ఈ పోస్టు. ఆ డబ్బు వచ్చిన నెలలోనే ఎవరో ఒకరు ఇంటికి వస్తారు. "సార్, ముప్పై లక్షలు ఒకేసారి కట్టేయండి. బతికినంత కాలం నెలకి పదిహేడు వేలు, రూపాయి తగ్గదు. తర్వాత అసలు మొత్తం నామినీకి" అంటారు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. పదిహేడు వేలు నిజంగానే ప్రతినెలా పడతాయి. కొన్నవాళ్లు బాధపడేది ఏడెనిమిదేళ్ల తర్వాత, అప్పటికి రద్దు చేసుకునే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇక్కడ ముప్పై లక్షలు, పదిహేడు వేలు లెక్క కోసం తీసుకున్నవి. మీ కొటేషన్‌లో అంకెలు వేరుగా ఉంటే వాటినే పెట్టి చూసుకోండి.

25 కిలోల బియ్యం బస్తా ఈరోజు ₹1,500 అనుకుందాం. పదిహేడు వేలకి పదకొండు బస్తాలు వస్తాయి. ధరలు ఏడాదికి 6% చొప్పున పెరిగితే పదేళ్లకి అదే బస్తా ₹2,690 దాకా పోతుంది, అదే పెన్షన్‌కి ఆరు బస్తాలు వస్తాయి. ఇరవై ఏళ్లకి మూడున్నర. ముప్పై ఏళ్లకి బస్తా ₹8,600 దాటుతుంది, రెండు బస్తాలు కూడా నిండుగా రావు. అరవైలో కొన్న మనిషికి తొంభైలో ఆ పదిహేడు వేలు ఇప్పటి ₹2,960తో సమానం. నామినీకి వచ్చే ముప్పై లక్షలు కూడా అప్పటికి ఇప్పటి ఐదు లక్షల పైచిలుకే.

6% అనేది భయపెట్టడానికి వేసిన అంకె కాదు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఏటా జనవరి, జూలైల్లో డీఆర్ అనే కరువు భృతి పెరుగుతుంది. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ 12 నెలల సగటును బట్టి దాన్ని లెక్క కడతారు. ఐదో వేతన సంఘం లెక్కకు పునాదిగా తీసుకున్న 1995 సగటు సూచీని, ఏడో వేతన సంఘం తీసుకున్న 2015 సగటు సూచీని ఒకే కొలతకి తెస్తే ఆ ఇరవై ఏళ్లలో ధరలు 3.95 రెట్లు అయ్యాయి. ఆ తర్వాత 2025 జూలై నాటికి డీఆర్ 58%కి చేరింది. రెండూ కలిపితే ముప్పై ఏళ్లకు కాస్త తక్కువలో 6.24 రెట్లు, అంటే ఏడాదికి 6% పైనే. 1996లో నెలకి ₹10,000 స్థిర పెన్షన్ మొదలైనవాళ్లకి 2025 జూలై నాటికే అదే బతుకు బతకడానికి ₹62,400 కావాలి. వాళ్ల చేతికి వచ్చేది మాత్రం ఇంకా పదివేలే. ఈపీఎస్-95 పెన్షనర్లకు ఈ బాధ బాగా తెలుసు. ఆ పథకంలో డీఆర్ లేదు, 2014 సెప్టెంబర్‌లో పెట్టిన ₹1,000 కనీస పెన్షన్ పదేళ్లు దాటినా అంతే ఉంది.

ఈ మాట ఏజెంట్ దగ్గర ఎత్తితే రెండో కాగితం తీస్తారు. "అయితే ఏటా 3% పెరిగే ఆప్షన్ తీసుకోండి సార్." ఎక్కువమంది పడేది ఇక్కడే, ఈ ఒక్క చోట నిదానించండి. ప్లాన్ కాగితంలో ఆ 3% పక్కన 'సింపుల్ రేట్' అని ఉంటే, ప్రతి ఏడాదీ పెరిగేది మొదటి పెన్షన్ మీద 3% మాత్రమే, అంతకుముందు ఏడాది పెన్షన్ మీద కాదు. పైగా ఈ ఆప్షన్‌లో పెన్షన్ తక్కువతో మొదలవుతుంది. ₹13,000తో మొదలైందనుకోండి, ఏటా పెరిగేది ₹390. మొదటి ఏడూ అంతే, ముప్పయ్యో ఏడూ అంతే. పదిహేడు వేలు దాటడానికే పన్నెండో ఏడు రావాలి. మొత్తం చేతికి వచ్చిన డబ్బులో స్థిర పెన్షన్‌ని దాటేది 22వ ఏట, అంటే 82వ ఏట. ముప్పై పెంపుల తర్వాత ₹24,700 అవుతుంది. చూడ్డానికి పెద్దదే గానీ ఇప్పటి లెక్కలో ₹4,300. ఆ రోజుకి నిజంగా ఇప్పటి పదిహేడు వేల విలువ నిలబడాలంటే ₹97,600 రావాలి. అందుకు పెంపు చక్రవడ్డీలాగా, ధరలు పెరిగినంత శాతం పెరగాలి. ధరల సూచీకి కట్టిన పెన్షన్ అని ఎవరైనా చెబితే, ఏ సూచీ, ఏ నెల నుంచి, గరిష్ఠ పరిమితి ఎంత అనేది పాలసీ కాగితంలో చూపించమనండి. నోటిమాట లెక్కలోకి రాదు.

మరి ముప్పై లక్షలకి, విలువ తగ్గకుండా, ఎంత పెన్షన్ న్యాయం? ఒక చిన్న లెక్క ఉంది. డబ్బు మీద వచ్చే వడ్డీ, పెరిగే ధరలు సమానమైతే, మొత్తాన్ని 360 నెలలతో భాగించండి. ₹8,333 వస్తుంది. ముప్పై ఏళ్లు ఏటా ధరలతో పాటు పెంచుకుంటూ వాడుకోగలిగేది అంతే, ఆఖరికి అసలు అయిపోతుంది. పన్ను పోగా వడ్డీ ధరల కంటే 1% ఎక్కువ నిలిస్తే తొమ్మిది వేలు దాటుతుంది. పదిహేడు వేలు అనిపించేదాంట్లో దాదాపు సగం, రేపటి పెంపుల కోసం పక్కన పెట్టాల్సిన డబ్బే. అసలు నామినీకి వెళ్లాలనుకుంటే ఆ మేరకు మీ నెల ఖర్చు తగ్గుతుంది.

ప్లాన్ వద్దు అనడం లేదు. బతికినంత కాలం పడే డబ్బుకి విలువ ఉంది, ముఖ్యంగా తొంభై దాటితే. మొత్తం అందులో పెట్టకండి. సగం, పదిహేను లక్షలు పెడితే నెలకి ₹8,500 స్థిరంగా వస్తుంది. మిగతా పదిహేను లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ లాంటి చోట ఉంచండి. మొదటి ఏడాది ఇంటి ఖర్చు నెలకి ₹9,000 దగ్గర ఆపి, ఏటా 6% పెంచుకుంటూ పోండి. డిపాజిట్ మీద పన్ను పోగా 7% నిలిచినంత కాలం ఇది ముప్పై ఏళ్లూ సాగుతుంది, ముప్పయ్యో ఏట నెల ఖర్చు దాదాపు ₹48,800 ఉన్నా సరే. వడ్డీ 7% కంటే తగ్గినా, ధరలు 6% కంటే ఎక్కువ పెరిగినా ముందే అయిపోతుంది, కాబట్టి ఏటా ఏప్రిల్‌లో లెక్క మళ్లీ వేయాలి.

ఇది చెడేది ఎక్కువగా ఒకే చోట. ఆ స్కీమ్‌లో వడ్డీ మూడు నెలలకోసారి సేవింగ్స్ ఖాతాలో పడుతుంది, దానంతట అది అసలుకి కలవదు. పన్ను పోగా 7% లెక్కన మొదటి ఏడాది నెలకి ₹8,750 చొప్పున వచ్చే ఆ వడ్డీలో నెలకి వాడాల్సింది ₹500, మిగతా ₹8,250 చొప్పున మూడు నెలలది, అంటే ₹24,750, ప్రతి మూడు నెలలకీ వేరే ఎఫ్‌డీగా వేయాలి. ఖాతాలో ఉంచితే పెళ్లికో, ఇంటి రిపేరుకో పోతుంది, పదేళ్ల తర్వాత పెంచుకోవడానికి ఏమీ ఉండదు.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? పాలసీ పత్రం చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. కొరియర్ కవరు మీద తేదీ ఉంటే దాన్ని పారేయకండి. రద్దు కోరుతూ రాసిన లెటర్‌ను బ్రాంచిలో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఈలోపు పడిన పెన్షన్, స్టాంపు డ్యూటీ లాంటివి పట్టుకుని మిగతాది వెనక్కి ఇస్తారు. ఏజెంట్‌కి ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే 31వ రోజు వచ్చేస్తుంది.