రెండు వర్గాల మొత్తం: అవరోహణ పద్ధతా, పావురాల గూళ్లా – ఏది మేలు?

విజయనగరం గంటస్తంభం దగ్గర సాయంత్రం పూట డిగ్రీ విద్యార్థులకు నేను లెక్కలు చెబుతుంటాను. సంఖ్యా సిద్ధాంతం మొదలైన ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "మాస్టారూ, రెండు వర్గాల సిద్ధాంతానికి ఇన్ని నిరూపణలున్నాయి కదా, పరీక్షకు ఏది నేర్చుకోమంటారు?" పరీక్ష సంగతి పక్కన పెట్టి, నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

సిద్ధాంతం అందరికీ తెలిసినదే: 2ను పక్కన పెడితే, 4తో భాగించినప్పుడు 1 మిగిలే ప్రధాన సంఖ్యలనే రెండు వర్గాల మొత్తంగా రాయగలం. 50 లోపు ప్రధాన సంఖ్యలను చూస్తే 2 = 1+1, 5 = 1+4, 13 = 4+9, 17 = 1+16, 29 = 4+25, 37 = 1+36, 41 = 16+25 అని రాయవచ్చు; 3, 7, 11, 19, 23, 31, 43, 47 మాత్రం ఎంత ప్రయత్నించినా లొంగవు. రెండో జట్టులోని సంఖ్యలన్నింటినీ 4తో భాగిస్తే 3 మిగులుతుంది. ఏ వర్గాన్ని 4తో భాగించినా 0 లేదా 1 మాత్రమే మిగులుతుంది కాబట్టి, రెండు వర్గాల మొత్తానికి 3 శేషంగా రావడం అసాధ్యం. కష్టమంతా రెండో దిశలోనే ఉంది: 1 శేషంగా వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యకూ రెండు వర్గాలు దొరుకుతాయని ఎలా చెప్పాలి? 1640లో ఫెర్మా ఈ మాటను మెర్సెన్‌కు ఉత్తరంలో రాశాడు గాని నిరూపణ ఇవ్వలేదు. దాన్ని అవరోహణతో పూర్తి చేసినవాడు ఆయిలర్.

రెండు పద్ధతులనూ 89 మీద నడిపి చూద్దాం. రెండింటికీ ముందుగా, వర్గం చేసి 1 కలిపితే 89తో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్య ఒకటి కావాలి. దానికి ఒక చిన్న సంఖ్యను (89−1)/4, అంటే 22వ ఘాతానికి హెచ్చించి శేషం చూస్తాం. 2తో మొదలుపెట్టినవారికి 1 వస్తుంది, అది పనికిరాదు. 3తో చేస్తే 34 వస్తుంది. సరిచూస్తే 34² + 1 = 1157 = 13 × 89.

పావురాల గూళ్ల పద్ధతిలో a, b లను 0 నుంచి 9 వరకు తీసుకుంటే 100 జతలు ఏర్పడతాయి, a − 34b ను 89తో భాగించినప్పుడు రాగల శేషాలు మాత్రం 89 మాత్రమే. కాబట్టి రెండు వేర్వేరు జతలకు ఒకే శేషం వచ్చి తీరాలి. ఆ జతల భేదాలను u, v అనుకుంటే u − 34v ను 89 భాగిస్తుంది, 34² + 1 నూ భాగిస్తుంది కనుక u² + v² ను కూడా 89 భాగిస్తుంది. ఒక్కొక్కటీ 9కి మించదు కాబట్టి మొత్తం 162 దాటదు, సున్నా కూడా కాదు, కనుక అది 89 కావలసిందే. నాలుగు వాక్యాల్లో ముగిసే ముచ్చటైన వాదన ఇది. అయితే ఆ రెండు జతలు ఏవో ఇది చెప్పదు; వందింటినీ వెతుక్కునే పని మనకే మిగులుతుంది.

నా దృష్టిలో తేడా తేల్చేది ఇదే: నిరూపణ పూర్తయ్యేసరికి ఆ రెండు వర్గాలు చేతికి వచ్చాయా, లేదా?

అవరోహణలో 34² + 1² = 13 × 89 నుంచి ఆ 13ను 1 దాకా దించుతాం. 34కు, 1కి 13తో భాగించినప్పుడు వచ్చే అతి చిన్న శేషాలు (రుణాలు కూడా చెల్లుతాయి) −5, 1. వాటి వర్గాల మొత్తం 26 = 2 × 13. ఇప్పుడు (34² + 1²)ను (5² + 1²)తో గుణిస్తే, (34×(−5) + 1×1) = −169, (34×1 − 1×(−5)) = 39 అనే రెండు సంఖ్యల వర్గాల మొత్తం వస్తుంది. రెండింటినీ 13తో భాగిస్తే, గుర్తు వదిలేసి, 13² + 3² = 178 = 2 × 89. గుణకం 13 నుంచి 2కు దిగింది. మళ్లీ అదే పని: 13, 3 లకు 2తో శేషాలు 1, 1; 13+3 = 16, 13−3 = 10; సగం చేస్తే 8, 5. 64 + 25 = 89.

శేషం ఎప్పుడూ గుణకంలో సగానికి మించదు కాబట్టి ప్రతి మెట్టులోనూ గుణకం కనీసం సగమవుతుంది. పిల్లలు ఎక్కువగా తప్పేది గుర్తు దగ్గర: −5 బదులు 5 వేస్తే 34×5 + 1 = 171 వస్తుంది, దాన్ని 13 భాగించదు. భాగహారం తెగలేదంటే గుర్తు తప్పిందని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

జాగియర్ 1990లో ఒకే వాక్యంలో ఇచ్చిన నిరూపణకు 34 కూడా అక్కరలేదు. ఉనికి నిలబెట్టడం వరకే దాని పని. గాసియన్ పూర్ణాంకాల మీదుగా మరో దారీ ఉంది, అవి తెలిసినవారికి అది సులువే. ఇక 89 లాంటి చిన్న సంఖ్యకైతే, నిజం చెప్పాలంటే, 81ని, 64ను తీసివేసి చూస్తే చాలు.

యూక్లిడ్ భాగహారంతో చేస్తే అవరోహణ కంటే త్వరగా తేలుతుంది కదా అని కిందటేడు ఒక అమ్మాయి అడిగింది. నిజమే: 89, 34 లతో మొదలుపెడితే శేషాలు 21, 13, 8, 5 వస్తాయి, 89 వర్గమూలం కంటే తక్కువైన మొదటి రెండు శేషాలే మన 8, 5. కానీ అక్కడే ఎందుకు ఆగాలో వేరే నిరూపించాలి. అవరోహణలో చేసిన లెక్కే నిరూపణ కనుక, నేను ముందు దాన్నే చెప్పి, పావురాల గూళ్లను మర్నాటికి ఉంచుతాను.