చివరి వాయిదా పట్టుకుని పని పెంచుకుంటూ పోయే క్లయింట్‌తో జాగ్రత్త

ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్లు చేసేవాళ్ళకి, ముఖ్యంగా ఫిక్స్‌డ్ రేటుకి ఒప్పుకునేవాళ్ళకి ఈ పోస్ట్. క్లయింట్ పేరు రాయడం లేదు, రాసినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో నడిచేవాళ్ళు చాలామంది ఉన్నారు. పద్ధతి తెలిస్తే ముందే పసిగట్టొచ్చు.

మా ఒప్పందం ఇది. 6 పేజీల సైట్, ఒక కాంటాక్ట్ ఫారం, డిజైన్‌లో 2 సార్లు మార్పులు. నా లెక్కలో 50 గంటల పని. మొత్తం రేటు 100 అనుకోండి (అసలు అంకె అనవసరం), అంటే గంటకు 2. అందులో 30 మొదట్లో, 30 డిజైన్ ఓకే అయ్యాక, మిగతా 40 "ప్రాజెక్ట్ పూర్తయ్యాక". ఈ చివరి మాట వాళ్ళు పట్టుబట్టి పెట్టించుకున్నది. అప్పుడు చూడ్డానికి మామూలు మాటలాగే ఉంది, కానీ తర్వాత జరిగిందంతా దాని చుట్టూనే తిరిగింది. పూర్తవడం అంటే ఏంటో ఎక్కడా లేదు కాబట్టి, పూర్తయిందని వాళ్ళు అనేదాకా పూర్తవనట్టే.

డిజైన్ ఓకే అయ్యేవరకు మనుషులు బంగారం. మెసేజ్ పెట్టిన గంటలో జవాబు, రెండో వాయిదా చెప్పిన రోజే పడింది. అసలు కథ పేజీలన్నీ తయారై, టెస్ట్ అడ్రస్‌లో పెట్టి చూపించాక మొదలైంది. ఇక్కడ గమనించండి, పని పెంచేవాళ్ళు మొదట్లో పెంచరు. మీరు చాలావరకు చేసేసి, ఇంకా రావాల్సిన డబ్బు పెద్దగా ఉన్నప్పుడు పెంచుతారు, ఎందుకంటే అప్పుడు వదిలేసి పోవడం మీకే నష్టం.

మొదటిది చాలా చిన్నగా వచ్చింది. "ఫారంలో ఏ విభాగానికి అని అడిగి, దాన్నిబట్టి వేరే వేరే మెయిల్స్‌కి వెళ్ళేలా పెట్టండి, పది నిమిషాల పనే కదా." పది నిమిషాలు కాదు, టెస్ట్ చేయడంతో కలిపి 3 గంటలు. సరే, మంచి మాట కోసం చేశాను. తర్వాత ఫొటోలన్నీ మళ్ళీ సైజు మార్చి పెట్టమన్నారు, అదో 2 గంటలు. ఆ తర్వాత బ్లాగ్ సెక్షన్. అది 7 గంటలవుతుంది, విడిగా లెక్క కట్టాలి అన్నాను. ఫోన్ చేసి "మీరు మొదలుపెట్టండి, ఫైనల్ బిల్లులో చూసుకుందాం, డబ్బు దగ్గర మేము ఇబ్బంది పెట్టేవాళ్ళం కాదు" అన్నారు. ఫైనల్ బిల్లులో 14 అని రాసి పంపితే వచ్చిన జవాబు: "వెబ్‌సైట్ అంటే బ్లాగ్ ఉండదా అండీ?"

ఇంకో విషయం. ఈ మనిషి కొత్త పని చెప్పాల్సి వస్తే ఎప్పుడూ ఫోనే చేస్తాడు, ఫిర్యాదు ఉంటే మాత్రం మెయిల్ పెడతాడు. అంటే రాతలో చూస్తే మీ ఆలస్యాలే కనిపిస్తాయి, ఆ ఆలస్యానికి కారణమైన అదనపు పని ఎక్కడా కనిపించదు. ఇది కావాలని చేస్తారో అలవాటో నాకు అనవసరం, ఫలితం ఒకటే. అందుకే బ్లాగ్ తర్వాత ప్రతి ఫోన్ కాల్ అయిన వెంటనే నేనే మెయిల్ పెట్టడం మొదలుపెట్టాను: ఇవాళ మీరు అడిగినవి ఇవి, ఇందులో ఒప్పందంలో ఉన్నవి ఇవి, లేనివి ఇవి, లేనివాటికి ఇన్ని గంటలు ఇంత ఖర్చు, మీరు "ఓకే" అని ఇక్కడ రాశాకే మొదలుపెడతాను. ఆ చివరి వాక్యమే ప్రాణం. "రేపటిలోగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే" అని మాత్రం రాయకండి, వాళ్ళు పలక్కుండా ఊరుకుంటారు, తర్వాత మేమెప్పుడు ఒప్పుకున్నాం అంటారు, మీ దగ్గర జవాబు ఉండదు.

అప్పుడే కొత్త మనిషి దిగారు. అప్పటిదాకా ఏ మీటింగ్‌లోనూ లేని పెద్దాయన ఒకరు సైట్ చూసి, రెండో భాషలో కూడా కావాలి, మెంబర్లకి లాగిన్ కావాలి అన్నారట. "అనువాదం మేమే ఇస్తాం, మీరు పేస్ట్ చేయడమే."

ఈ రెండో భాష అనేది చాలామందిని ముంచే కోరిక, అందుకే కాస్త వివరంగా చెప్తాను. పేస్ట్ చేయడం అందులో అతి చిన్న భాగం. ఒక భాషలో చిన్నగా ఉన్న మాట ఇంకో భాషలో రెండింతలు పొడుగు ఉంటుంది, మెనూ రెండు లైన్లకి దిగుతుంది, ఫోన్‌లో బటన్ మీద అక్షరాలు బయటికొస్తాయి. ఆ లిపికి సరిపడే ఫాంట్ వెతకాలి, లైన్ల మధ్య ఖాళీ మార్చాలి. ఫారం తప్పుగా నింపితే వచ్చే ఎర్ర మెసేజ్, పంపాక వచ్చే థాంక్యూ మెసేజ్, ఆటోమేటిక్‌గా వెళ్ళే మెయిల్, ఇవేవీ వాళ్ళిచ్చే అనువాదం ఫైల్‌లో ఉండవు, మళ్ళీ మళ్ళీ అడిగి తెప్పించుకోవాలి. ప్రతి పేజీకి రెండో అడ్రస్, భాష మార్చే బటన్, ఆ బటన్ నొక్కితే హోమ్‌కి కాకుండా అదే పేజీ రెండో భాషలో తెరుచుకోవడం, తర్వాత 6 పేజీలూ మళ్ళీ మొదటినుంచి టెస్టింగ్. నా లెక్కకి 20 గంటలు తేలింది.

ఇప్పుడు డబ్బు లెక్క చూడండి. అప్పటికి నేను పెట్టింది 62 గంటలు, చేతికొచ్చింది 60. గంటకు 2 అని ఒప్పుకున్న పని గంటకు 1 కూడా లేదు. రెండో భాష కూడా ఊరికే చేసి, మొత్తం 100 వచ్చినా, 82 గంటలకి గంటకు 1.2 పడుతుంది, అంటే రేటు 40 శాతం దాకా తగ్గినట్టు. క్లయింట్ నోటితో ఒక్కసారి కూడా రేటు తగ్గించమని అడగలేదు, చూశారా. ఇలాంటివాళ్ళు రేటు మీద బేరం ఆడరు, గంటల మీద ఆడతారు. అందుకే ఏ ప్రాజెక్టైనా ఫిక్స్‌డ్ రేటే కదా అని గంటలు రాసుకోవడం మానకండి. నాలుగైదు రోజులకోసారి ఈ భాగహారం చేస్తే ఎక్కడ ఆగాలో అదే చెప్తుంది.

నేను "కుదరదు" అనలేదు. అలా అంటే మాట మారిపోయి, మీరు సహకరించట్లేదు అనే గొడవలోకి పోతుంది. లాగిన్ పూర్తిగా వేరే ప్రాజెక్ట్, దాని గురించి సైట్ లాంచ్ అయ్యాక మాట్లాడదాం అని ఒక్క లైన్‌లో పక్కన పెట్టి, భాష గురించి ఇలా రాశాను:

"రెండో భాష మన ఒప్పందంలో లేదు, కానీ చేయొచ్చు. మొత్తం 6 పేజీలకి 20 గంటలు, అదనంగా 40, లాంచ్ రెండు వారాలు వెనక్కి వెళ్తుంది. హోమ్, కాంటాక్ట్ పేజీలు మాత్రమే అయితే 9 గంటలు, 18, ఒక వారం. లేదంటే ఇప్పుడున్నది లాంచ్ చేసి, భాష తర్వాత చూద్దాం, తేదీ మారదు. మొదటి రెండిట్లో ఏదైనా, సగం ముందు ఇవ్వాలి. ఏది ఎంచుకున్నా, ఒప్పందంలోని 6 పేజీలు, ఫారం పూర్తయ్యాయి కాబట్టి మిగిలిన 40 ఇప్పుడు సెటిల్ చేయండి."

ఆ చివరి వాక్యం లేకపోతే మిగతాదంతా దండగ. వాళ్ళ బలం అంతా పాత పనినీ కొత్త పనినీ ఒకే ముడి వేయడంలో ఉంది. ముడి విప్పకుండా కొత్త పనికి ఎంత మంచి రేటు మాట్లాడుకున్నా ఆ పాత 40 మళ్ళీ వాళ్ళ చేతిలోనే ఉంటుంది, రావాల్సింది ఇంకా పెరుగుతుంది అంతే.

ఊహించినట్టే బేరం మొదలైంది. "18కే నాలుగు పేజీలు చేయండి, ముందు ముందు మీకు చాలా పని ఉంది." తగ్గించాలంటే పని తగ్గించండి, రేటు తగ్గించను అన్నాను: భాష మార్చే బటన్ హోమ్‌కే తీసుకెళ్తే చాలనుకుంటే 2 గంటలు తగ్గుతాయి, కాబట్టి 4 తగ్గుతుంది. పని కదలకుండా రేటు మాత్రం తగ్గిందంటే, మొదట చెప్పిన రేటు ఊరికే చెప్పినట్టు వాళ్ళకి అర్థమవుతుంది, ఇంకోసారి ఇంకా లాగుతారు. ముందు ముందు పని అనే మాటకి నా జవాబు ఒకటే, ఆ పని వచ్చినప్పుడు దాని మీద డిస్కౌంట్ ఇస్తాను, ఇప్పటి పని మీద కాదు.

తర్వాత "బగ్స్ ఉన్నాయి, అవి సరిచేసేదాకా పేమెంట్ లేదు" అని 15 అంశాల జాబితా వచ్చింది. నిజమైన బగ్ ఉంటే మన ఖర్చుతోనే సరిచేయాలి, అందులో రెండో మాట లేదు. కానీ జాబితా మొత్తాన్ని బగ్స్ అని ఒప్పుకోకండి, ఒక్కో లైన్ పక్కన రాయండి. ఒప్పుకున్నట్టు పని చేయకపోతే బగ్, ఒప్పుకున్నట్టే పని చేస్తూ నచ్చకపోతే మార్పు. ఫారం మెయిల్ ఒక బ్రౌజర్‌లో వెళ్ళకపోవడం బగ్. ఫారంలో పుట్టినరోజు కూడా అడగాలనడం మార్పు. ఆ 15లో బగ్స్ 3, అవి ఆ రోజే సరిచేసి పంపాను.

ఆ తర్వాత చివరి 40లో 30 ఇచ్చి, మిగతా 10 ఆపారు. సైట్ ఇంకా నా టెస్ట్ అడ్రస్‌లోనే ఉంది కాబట్టి లాంచ్ తేదీ దగ్గరపడ్డాక ఆ 10 కూడా వచ్చింది, ఫైల్స్ అప్పుడే ఇచ్చాను. మీరు మాత్రం పని మొదలుపెట్టేముందే ఒక పని చేయండి, పూర్తి డబ్బు అందాకే ఫైల్స్, హక్కులు బదిలీ అవుతాయని ఒప్పందంలో రాసుకోండి. లైవ్ సైట్‌ని ఆపేయడం, పాస్‌వర్డ్ మార్చేయడం లాంటి సలహాలు కొందరిస్తారు, వాటి జోలికి పోకండి, అప్పటిదాకా న్యాయం మీవైపున్నా ఆ ఒక్క పనితో చట్టపరంగా ఇరుక్కునేది మీరే. బ్లాగ్ తాలూకు 14 మాత్రం రాలేదు. ఊరికే చేసిన ఫారం మార్పు, ఫొటోలు కూడా బిల్లులో అసలు ధరతో రాసి పక్కన 100 శాతం డిస్కౌంట్ చూపించాను, లేకపోతే అవి చేసినట్టు ఎవరికీ గుర్తుండదు.

రెండో భాష పని నేను తీసుకోలేదు. ఇప్పుడు వాళ్ళు "సైట్ రెడీగా ఉంది, చిన్న చిన్న మార్పులు మాత్రమే, ముందు చేసినవాళ్ళు మధ్యలో వదిలేశారు" అని వేరేవాళ్ళని వెతుకుతున్నారు. ఇలాంటి ప్రకటన మీకు ఎక్కడ కనిపించినా, ఆ చిన్న మార్పులు ఒక్కొక్కటిగా జాబితా రాసి పంపమనండి, చివరి వాయిదా 10 శాతానికి మించకుండా పెట్టండి, "పూర్తవడం" అంటే ఆ జాబితాలోవి పనిచేయడమని, చూపించిన 7 రోజుల్లో జాబితాలో ఏది పనిచేయట్లేదో రాసి చెప్పకపోతే వాయిదా కట్టాల్సిందేనని రాసుకోండి. ఈ మూడు అడిగితే జవాబు ఆలస్యంగా వస్తుంది, లేదా అసలు రాదు. నేను విన్నంతలో ఇప్పటికి ఇద్దరు అడిగారు, ఇద్దరికీ రాలేదు.