బెంగళూరులో కిచెన్ ఇంటీరియర్ చేయిస్తున్న మనవాళ్ళు కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

మాది సర్జాపూర్ రోడ్డులో టూ బీహెచ్‌కే. కిచెన్ చేయించి 7 నెలలైంది, సింక్ కింద కప్‌బోర్డ్ అడుగు ఉబ్బి ఇప్పుడు తలుపు మూసుకోవట్లేదు. గోళ్ళతో గీకితే తడిసిన అట్టపెట్టెలా పొడిపొడిగా రాలిపోతోంది. కంపెనీకి ఫోన్ చేస్తే "నీళ్ళ వల్ల వచ్చిన డ్యామేజ్ వారంటీలోకి రాదు మేడమ్" అన్నారు. సింక్ కింద నీళ్ళు కాక ఇంకేం కారుతాయో నాకైతే అర్థం కాలేదు.

తప్పులో సగం నాది కూడా. అప్పట్లో ఏడు చోట్ల కొటేషన్లు తీసుకున్నాం, ఏడుగురూ ఒకటే పాట: ప్రీమియం క్వాలిటీ, 45 రోజుల్లో డెలివరీ, 10 ఏళ్ళ వారంటీ, సొంత ఫ్యాక్టరీ, దాచిన చార్జీలు లేవు. మా ఆయన సరదాకి పైన ఉన్న పేర్లు బొటనవేలితో మూసి "ఇది ఎవరిదో చెప్పు" అన్నాడు, ఒక్కటి కూడా చెప్పలేకపోయాను. అందరూ ఒకటే చెప్తున్నప్పుడు తేడా ఇంకెక్కడ కనిపిస్తుంది, రేటులోనూ షోరూంలో ఇచ్చే కాఫీలోనూ తప్ప, అలా త్రీడీ డిజైన్ బాగా చూపించినవాళ్ళకి ఇచ్చేశాం.

ఎనిమిదో ఆయన ఒకాయన ఉన్నాడు, మదనపల్లె నుంచి వచ్చి మైసూరు రోడ్డు వైపు చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. ఆయన కొటేషన్‌లో ప్రీమియం అన్న మాటే లేదు. సింక్ బాక్స్ 18 ఎమ్ఎమ్ ఐఎస్ 710 ప్లై, మిగతా బాక్సులు 18 ఎమ్ఎమ్ ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్, బయట అంచులకి 2 ఎమ్ఎమ్ ఎడ్జ్ బ్యాండ్, వర్క్‌షాప్‌లో 28 రోజులు, ఇంట్లో 6 రోజులు, ఆదివారం పని చెయ్యం, అక్రిలిక్ మా దగ్గర చెయ్యం. అంతే, ఒక పేజీ. "నీళ్ళు తగిలేది ఆ ఒక్క బాక్సుకే అక్కా, అక్కడ మాత్రం తగ్గించొద్దు" అన్నాడు. 38 వేలు ఎక్కువని, త్రీడీ లేదని వద్దన్నాను. ఆ పేజీలో ప్రతి లైనూ తర్వాత మనం కొలిచి పట్టుకోగలిగేదే, అందుకే మిగతావాళ్ళెవరూ అలా రాయలేదని ఇప్పుడు తెలుస్తోంది.

మేం సంతకం పెట్టిన దాంట్లో ఏముందో మొన్న మళ్ళీ తీసి చూశాను. "ప్రీమియం ప్లైవుడ్ లేదా సమానమైనది". ఆ "సమానమైనది" దగ్గరే మునిగాం. లోపల వేసింది ఎండీఎఫ్, అంటే మెత్తటి చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన బోర్డు, కోసిన అంచు నుంచి నీళ్ళు లోపలికి పోతే పీచు ఉబ్బుతుంది, ఆరినా మళ్ళీ మామూలు సైజుకి రాదు. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై, దాని జిగురు 72 గంటలు నీళ్ళలో ఉడికించినా పొరలు విడిపోకూడదన్నది ఆ స్టాండర్డ్ టెస్ట్. రెండూ పైన లామినేట్ అంటించాక ఒకేలా కనిపిస్తాయి, అదే చిక్కు.

మీ ఇంట్లో ఇప్పటికే వేసి ఉంటే ఇలా చూడండి: ఒక తలుపు హింజ్ స్క్రూలు విప్పండి, లోపల 35 ఎమ్ఎమ్ గుండ్రటి గుంట ఉంటుంది, ఫోన్ టార్చ్ వేసి గుంట గోడ చూడండి. లేతరంగు ముదురురంగు పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తే ప్లై, ఒకటే గోధుమరంగు పిండిలా ఉంటే ఎండీఎఫ్. తలుపు ప్లై అయినంత మాత్రాన బాక్స్ కూడా ప్లై అని కాదు, మా దాంట్లో తలుపు బానే ఉంది! బాక్స్‌లో షెల్ఫ్ పిన్నుల కోసం వేసిన రంధ్రాల్లోకి కూడా టార్చ్ కొట్టండి.

ఇంకా చేయించనివాళ్ళు "ప్లై ఏ ఐఎస్ నంబరు, ఎన్ని ఎమ్ఎమ్, ఏ బాక్సుకి" అని అడిగి అదే కొటేషన్‌లో రాయించండి, "సమానమైనది" కొట్టేయించండి. రాసినంత మాత్రాన సరిపోదు, లామినేట్ అంటించక ముందే షీట్ మీద ఐఎస్ఐ మార్కు, సీఎం/ఎల్ నంబరు ఉన్న స్టాంప్ ఫోటో పంపమనండి, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్స్ ఎవరిదో చూపిస్తుంది. మేం ఆ 45 రోజుల్లో ఒక్కసారి కూడా ఫ్యాక్టరీకి వెళ్ళలేదు, "అయిపోతోంది మేడమ్" అని వాట్సాప్‌లో తమ్స్అప్ పెడితే నమ్మేశాం.

డబ్బు వెనక్కి ఇవ్వమని కంపెనీకి మెయిల్ పెట్టాను, రెండు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. సింక్ బాక్స్ ఒక్కటి మార్చడానికి ఆ వర్క్‌షాప్ ఆయనకే మొహమాటపడుతూ ఫోన్ చేశాను, ఏమీ అనలేదు పాపం. నిన్న రాత్రి షీట్ ఫోటో పంపాడు, స్టాంప్ స్పష్టంగా కనిపిస్తోంది, శనివారం పొద్దున 10కి వస్తాడట.