ఓట్స్, ఖర్జూరం, పీనట్ బటర్, వే బార్: ఒక్కో ముక్కలో నిజంగా ఎంత ప్రోటీన్?

చాలా నెలలుగా వారానికో ట్రే చొప్పున చేసి తిన్నాక రాస్తున్న సమీక్ష ఇది. రుచి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పల్లీ చిక్కీకీ ఖర్జూరం లడ్డూకీ మధ్యలో ఉంటుంది. అసలు సంగతి లెక్కది. ఇంట్లో చేసిన బార్‌కి మనం వేసుకునే మాక్రోలు, అంటే ప్రోటీన్, కార్బ్స్, కొవ్వుల అంకెలు, ఎక్కడ సరిగ్గా వస్తాయో, ఎక్కడ బోల్తా కొడతాయో చెబుతాను.

ఒక ట్రేకి కొలతలు ఇవి: రోల్డ్ ఓట్స్ 200 గ్రాములు, గింజ తీసిన ఖర్జూరం 200, చక్కెర కలపని పీనట్ బటర్ 150, పాల విరుగుడు నీళ్ల నుంచి తీసే ప్రోటీన్ పొడి అయిన వే పౌడర్ 120, వేడి నీళ్లు 40 మి.లీ. ఓట్స్‌ని సన్న సెగ మీద అయిదారు నిమిషాలు వేయించి, సగం మిక్సీలో బరకగా తిప్పాలి. అవి చల్లారాక వే పౌడర్ కలపాలి. ఖర్జూరాన్ని ఆ వేడి నీళ్లలో పావుగంట నానబెట్టి, నీళ్లు పారబోయకుండా వాటితోనే ముద్దగా రుబ్బాలి. అందులో పీనట్ బటర్ కలిపి, ఓట్స్, వే మిశ్రమంలో వేసి చేత్తో పిసకాలి. బటర్ పేపర్ పరిచిన 20 సెం.మీ. చదరం ట్రేలో గట్టిగా అదిమి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెడితే 12 ముక్కలు కోసుకోవచ్చు.

ఇక లెక్క. ఓట్స్‌లో 760 కేలరీలు, 26 గ్రాముల ప్రోటీన్. ఖర్జూరంలో 560 కేలరీలు, ప్రోటీన్ 4 గ్రాములే. పీనట్ బటర్‌లో 900 కేలరీలు, 38 గ్రాములు. వే 30 గ్రాములకి 23 గ్రాముల ప్రోటీన్ ఇచ్చే రకమైతే 120 గ్రాములకి 92 గ్రాములు, సుమారు 490 కేలరీలు. ట్రే మొత్తం కలిపితే దాదాపు 2,710 కేలరీలు, 160 గ్రాముల ప్రోటీన్, 326 గ్రాముల కార్బ్స్, 97 గ్రాముల కొవ్వు. పన్నెండుతో భాగిస్తే బార్‌కి 226 కేలరీలు, 13 గ్రాముల ప్రోటీన్, 27 గ్రాముల కార్బ్స్, 8 గ్రాముల కొవ్వు. పీచు నాలుగు గ్రాములకి కాస్త తక్కువ. డబ్బాల మీది లేబుళ్లని బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

అందరూ పన్నెండుతో భాగించి ఊరుకుంటారు. తప్పు అక్కడే మొదలవుతుంది. కోసిన ముక్కలన్నీ ఒక్కలా ఉండవు, అంచుల్లో పలచగా, మధ్యలో మందంగా వస్తాయి. ఒకే ట్రేలోంచి 45 గ్రాముల ముక్క, 70 గ్రాముల ముక్క రెండూ తూగాయి. ప్రోటీన్ చిన్నదాంట్లో 10 గ్రాములు, పెద్దదాంట్లో 16. కేలరీలు 175 ఒకచోట, 272 ఇంకోచోట. దాదాపు వంద కేలరీల తేడా! అందుకే ముక్కల్ని లెక్కపెట్టడం మానేసి, ట్రేలోంచి తీసిన అచ్చు మొత్తాన్ని ఒకసారి తూచాలి. ఈ కొలతలకి గిన్నెకి, చేతులకి అంటినది పోగా 696 గ్రాములు వచ్చింది. 160ని 696తో భాగిస్తే గ్రాముకి 0.23 గ్రాముల ప్రోటీన్, 2,710ని భాగిస్తే గ్రాముకి 3.9 కేలరీలు. ఇక ఏ ముక్క తీసినా దాని బరువుతో గుణించుకుంటే సరిపోతుంది.

రెండో తప్పు చెంచా. పీనట్ బటర్‌ని టేబుల్ స్పూన్లతో కొలిస్తే, అంచుకి సమంగా తీసినది 16 గ్రాముల దగ్గర ఉంటుంది. మామూలుగా మనం తీసే గోపురం చెంచా 25 కూడా తూగుతుంది. అలాంటివి తొమ్మిది వేస్తే 150కి బదులు 225 గ్రాములు పడ్డట్టే. 450 కేలరీలు అదనం, అంటే బార్‌కి 37. డబ్బాలో పైకి తేలిన నూనెని అడుగుదాకా కలపకపోతే ఇంకో చిక్కు: మొదటి ట్రే జిడ్డుగా వస్తుంది, డబ్బా అడుగుకొచ్చేసరికి పిండి పొడిగా రాలిపోతుంది. గిన్నెని కాటా మీద పెట్టి, సున్నా చేసి, నేరుగా అందులోకే వేసుకుంటే చెంచా గొడవ ఉండదు.

ఖర్జూరం విషయంలో ఇంత పట్టింపు అక్కర్లేదు. గింజలతో తూచేసినా 200లో ఓ 20 గ్రాములు తగ్గుతుంది, బార్‌కి అయిదు కేలరీల లోపు తేడా. ఒక్కటే జాగ్రత్త, నానబెట్టకముందే తూచాలి, నానితే తాగిన నీళ్లు కూడా బరువులో చేరతాయి. మెత్తటి నల్ల ఖర్జూరమైతే అందులోనే తేమ ఎక్కువ కాబట్టి నీళ్లు 25 మి.లీ.తో మొదలుపెట్టండి.

వే విషయంలో స్కూప్‌ని నమ్మకండి. వదులుగా తీస్తే 27 గ్రాములు, అదిమి తీస్తే 35 కూడా వస్తుంది. 30 గ్రాముల పొడి అంటే 30 గ్రాముల ప్రోటీన్ కాదన్న సంగతి కూడా చాలామంది మరిచిపోతారు. ఓట్స్ ఇంకా వేడిగా ఉండగా వే వేస్తే ఉండలు కడుతుంది, ఎంత పిసికినా తెల్లటి చుక్కలు మిగులుతాయి. ఓవెన్‌లో కాలిస్తే ప్రోటీన్ పోతుందన్న భయం వద్దు. అంకె మారదు, బార్ మాత్రం రబ్బరులా సాగుతుంది.

దీన్ని "హై ప్రోటీన్" అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 226 కేలరీల్లో ప్రోటీన్ నుంచి వచ్చేవి 53 మాత్రమే, నాలుగో వంతు కూడా కాదు. వ్యాయామానికి ముందు తినడానికి బాగుంటుంది, బరువు తగ్గేవాళ్లకి రోజుకి రెండు తింటే భారమే. వే 180కి పెంచితే బార్‌కి 17 గ్రాముల ప్రోటీన్, 246 కేలరీలు వస్తాయి. కానీ పిండి సున్నంలా నోటికి అంటుకుంటుంది, నీళ్లు ఇంకో 25 మి.లీ. పోయక తప్పదు, మూడో రోజుకే రాయి అవుతుంది. అంతకంటే పీనట్ బటర్‌ని 110కి తగ్గించడం మేలు. బార్‌కి 20 కేలరీలు పోతాయి, ప్రోటీన్ ఒక గ్రాము కూడా తగ్గదు. ఖర్జూరం తగ్గిద్దామనుకుంటే మాత్రం 150 దగ్గరే ముక్క కోసేటప్పుడు విరిగిపోతుంది, ఎందుకంటే దీన్ని పట్టి ఉంచే జిగురు అదే.

నిలవ సంగతి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజుల దాకా మెత్తగా ఉంటుంది. తర్వాత వే ఖర్జూరంలోని తేమని లాక్కుని బిగుసుకుంటుంది, కొరికితే పెళుసుగా విరుగుతుంది. అది పాడైన గుర్తు కాదు. పుల్లటి వాసనో, పాత నూనె వాసనో వస్తేనే పారేయాలి. వారానికి మించి ఉంచాలంటే ఒక్కో ముక్కని బటర్ పేపర్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, తినే ముందు ఇరవై నిమిషాలు బయట ఉంచితే చాలు. చుట్టేటప్పుడే పేపర్ మీద బరువు రాసేయండి. గడ్డకట్టిన ముక్కని మళ్లీ తూచే ఓపిక ఎవరికీ ఉండదు.